కీబోర్డు వాయించే పాపకు ఫిడేలు ఇవ్వొచ్చా?

‘మాస్టారూ, మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటోంది. సినిమా పాట రెండుసార్లు వింటే వాయించేస్తుంది. ఈమధ్య గుళ్లో కచేరీ విన్నప్పటి నుంచి ఫిడేలు కావాలని ఒకటే గొడవ. మార్చమంటారా? ఇన్నాళ్లు నేర్చుకున్నది వృథా అవుతుందా?’

ఫిడేలు నేర్పేవాళ్లకు ఇలాంటి ఉత్తరాలు కొత్తేమీ కావు. జవాబు చెప్పే ముందు నేను అడిగేది ఒక్కటే: అమ్మాయి పాడుతుందా? గొంతు బాగుందా అని కాదు, స్వరం గొంతులో సరిగ్గా పలుకుతుందా అని.

కీబోర్డు మీద స్వరం తయారుగా ఉంటుంది. మెట్టు నొక్కితే చాలు, గాంధారం గాంధారంగానే వినిపిస్తుంది. ఫిడేలు మీద మెట్లుండవు. మన పద్ధతిలో నాలుగు తీగలనూ స-ప-స-పలకు శ్రుతి చేస్తాం. సరళీ వరసలో సా ఒక తీగ, పా దాని పక్క తీగ. ఈ రెండూ వేలు పెట్టకుండానే పలుకుతాయి. మధ్యలోని రి, గ, మ ఎక్కడున్నాయో వేలే వెతుక్కోవాలి. వేలు వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతే. జరిగిందని చెప్పేది చెవి, దిద్దుకొమ్మనేదీ చెవే. అందుకే పాట విని వాయించగలగడం ఒక్కటే చాలదు. ఏ మెట్టో గుర్తుపట్టడం వేరు, స్వరం కాస్త తగ్గిందని పసిగట్టడం వేరు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కీబోర్డు మీద సా నొక్కి వదిలేయండి. కాసేపాగి పా పాడమనండి. తర్వాత మెట్టు నొక్కి సరిచూడండి. రెండో పరీక్ష కొంచెం కష్టం. చాలా కీబోర్డులకు ఎడమవైపు, స్వరాన్ని పైకీ కిందికీ వంచే చిన్న చక్రం ఉంటుంది. అమ్మాయికి బాగా వచ్చిన పాట మీరు వాయిస్తూ, ఒకచోట ఆ చక్రాన్ని కొద్దిగా కదపండి. ఆమె మొహం చిట్లిస్తే ఫిడేలుకు చెవి సిద్ధంగా ఉన్నట్టే. ఏమీ పట్టించుకోకపోతే ఆర్నెల్లు గాత్రం నేర్పించి, అప్పుడు చూడండి.

మరి ఫిడేలే ఎందుకు అంటే, గమకం కోసం. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడంలోనే తోడి ఉంది. మెట్ల వాయిద్యానికి అది అందదు. హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించి, 1971 దాకా దూరం పెట్టడానికి ఇదీ ఒక కారణం. ఫిడేలు కూడా పరాయి దేశం నుంచి వచ్చిందే కదా అంటారు. నిజమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. గొంతు ఎటు వెళితే అటు వెళ్లగలదు కాబట్టి అది ఇక్కడే ఉండిపోయింది. మనవాళ్లు కింద కూర్చుని, వాయిద్యం తలను కుడి పాదం మీద ఆనిస్తారు. దానివల్ల ఎడమచేతికి మోసే పని ఉండదు, తీగ మీద హాయిగా జారుతుంది.

అమ్మాయికి కీబోర్డులో నచ్చింది రెండు చేతులతో, కార్డులతో పాటను నిండుగా వినిపించడమే అయితే మాత్రం మార్చొద్దనే చెబుతాను. ఆ సుఖం ఫిడేలు ఇవ్వలేదు.

మొదటి నెలలు ఇంట్లోవాళ్లకూ పరీక్షే. కమానును గట్టిగా అదిమితే కీచుమంటుంది, అది వంకరగా జారితే నాదం పలచబడి ఈల వేసినట్టవుతుంది. కీబోర్డు పిల్లలకు ఇంకో చిక్కుంది. అక్కడ ఒకటో వేలంటే బొటనవేలు, ఇక్కడ చూపుడువేలు. అంతకన్నా మొండి అలవాటు, చేతిని చూస్తూ వాయించడం. అందుకే మొదట్లో కళ్లు మూసుకుని ఒక్క సా మీదే కమాను నిదానంగా లాగిస్తాను.

నేర్చుకున్నది వృథా కాదు. తాళం, స్వరజ్ఞానం వెంట వస్తాయి. కానీ కీబోర్డును పక్కన పెట్టుకుని ఫిడేలు స్వరాలు సరిచూసుకోవద్దు. దాని అంతర గాంధారం సహజ గాంధారం కంటే కాస్త ఎక్కువలో ఉంటుంది, మాయామాళవగౌళ సాధనలో అది తెలుస్తుంది. పా తేడా దాదాపు లేనట్టే కాబట్టి సా, పా వరకు వాడుకోవచ్చు. మిగతా వాటికి తంబూరా శ్రుతే.

ఉత్తరం రాసిన అమ్మకు ఇంకో సంగతి కూడా రాశాను. ఫిడేలు కొనే ముందు పాప ఎడమచేయి చాపించి, మెడ నుంచి అరచేతి మధ్యకు కొలవమన్నాను. సుమారు 20 అంగుళాలుంటే అర సైజు, 22 ఉంటే ముప్పావు, 23 దాటితే పూర్తి సైజు. పాప కొలత 21 వచ్చింది. ఎదిగే పిల్ల కదా అని పెద్దది కొంటే వేళ్లు చాచలేక చేయి బిగుసుకుపోతుంది. అందుకే అర సైజే తీసుకోమన్నాను, దొరికితే అద్దెకు. కీబోర్డు క్లాసు ఈ ఏడాది మానొద్దనీ చెప్పాను.