పసుపు మిల్లుకు ఇరవై లాట్లా, పద్నాలుగా?

2023 మార్చిలో క్వింటాలు 7,000 రూపాయల అటూ ఇటూ ఉన్న పసుపు ఫ్యూచర్స్ ధర ఆగస్టు వచ్చేసరికి రెట్టింపు దాటింది. పసుపు పొడి ఫలానా ధరకు సరఫరా చేస్తానని ముందే ఒప్పుకుని, కొమ్ములు ఇంకా కొనకుండా ఉన్న మిల్లుకు అలాంటి సంవత్సరం ప్రాణసంకటం. పొడి ధర పెరగదు, కొమ్ముల ధర ఆగదు. మార్చిలోనే సరుకంతా కొని గోదాములో పెట్టుకుందామంటే కోటికి పైగా డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది. దీనికి మార్గంగా ఉన్నదే హెడ్జ్. ఫ్యూచర్స్ మార్కెట్‌లో ముందుగా కొని పెట్టుకోవడం, అసలు సరుకు కొనే రోజున దాన్ని అమ్మేయడం. ధర పెరిగితే యార్డులో ఎక్కువ పెట్టాల్సిన డబ్బు ఫ్యూచర్స్ లాభంలో తిరిగి వస్తుంది.

చెప్పడానికి తేలిక. చేసేటప్పుడు ఎక్కడ తేడా వస్తుందో ఒక లెక్కలో చూద్దాం. ధరలు ఊహించుకున్నవే అయినా లెక్క నడిచే తీరు మాత్రం అచ్చంగా ఇంతే.

దుగ్గిరాల యార్డులో పసుపు కొనే ఒక మిల్లు ఆగస్టులో 100 టన్నులు, అంటే 1,000 క్వింటాళ్లు కొనాలి. మార్చిలో దుగ్గిరాలలో క్వింటాలు 13,000. ఎన్‌సీడీఈఎక్స్‌లో ఆగస్టు కాంట్రాక్టు 14,000. ఒక లాటు 5 టన్నులు కాబట్టి యజమాని 20 లాట్లు కొన్నాడు. మొత్తం విలువ 1.40 కోట్లు. మార్జిన్ 15 శాతం అనుకుంటే చేతి నుంచి కట్టాల్సింది 21 లక్షలు.

ఏప్రిల్‌లో ఒక వారం ధర 600 రూపాయలు పడిపోయింది. మిల్లుకు నిజానికి ఇది మంచి కబురే, ఆగస్టులో పసుపు చవగ్గా దొరకవచ్చు. కానీ ఫ్యూచర్స్‌లో లాభనష్టాలు ఏ రోజువి ఆ రోజే నగదులో తేల్చాలి. 1,000 క్వింటాళ్ల మీద 600 చొప్పున 6 లక్షలు ఆ వారంలోనే కట్టాలి. బ్రోకరు నుంచి ఫోను వస్తుంది. దాన్నే మార్జిన్ కాల్ అంటారు. కట్టకపోతే బ్రోకరు లాట్లు అమ్మేస్తాడు. పైగా ధరలు బాగా ఊగుతున్నప్పుడు ఎక్స్ఛేంజి అదనపు మార్జిన్ కూడా వేయవచ్చు. నష్టం ఈ రోజు నగదుగా పోతుంది, దానికి ఎదురుగా నిలిచే లాభం ఆగస్టులో గాని చేతికి రాదు. ఈ మధ్యకాలానికి డబ్బు సర్దలేక లాట్లు వదిలేసుకున్న మిల్లు, జూలైలో ధర ఎగిరితే రెండు వైపులా దెబ్బతింటుంది. అందుకే లాట్లు కొనే రోజునే, ధర 20 శాతం పడినా కట్టగలిగే సొమ్ము బ్యాంకు పరిమితిలో విడిగా ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ ఆ మొత్తం 28 లక్షలు, మొదట కట్టిన మార్జిన్‌కు అదనంగా.

పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కాదు. 1993లో జర్మనీకి చెందిన మెటల్‌గెసెల్‌షాఫ్ట్ అనే సంస్థ అమెరికా విభాగం, ఏళ్ల తరబడి స్థిర ధరకు ఇంధనం సరఫరా చేస్తానని ఒప్పందాలు చేసుకుని, వాటికి రక్షణగా దగ్గరి నెలల చమురు ఫ్యూచర్స్ దాదాపు బ్యారెల్‌కు బ్యారెల్ కొన్నది. పరిమాణం సుమారు 16 కోట్ల బ్యారెళ్లు. ఆ ఏడాది చివరికి చమురు పడిపోయింది. సరఫరా ఒప్పందాల్లో లాభం రావడానికి ఏళ్లు పడుతుంది, మార్జిన్ మాత్రం అప్పటికప్పుడు కట్టాలి. నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది, చివరకు బ్యాంకులు కలిసి సంస్థను నిలబెట్టాయి. ఆ ఒప్పందాలకు బ్యారెల్‌కు బ్యారెల్ హెడ్జ్ అక్కర్లేదని, అందులో సగం చుట్టుపక్కల సరిపోయేదని తర్వాత కొందరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఎందుకు సగం? మన మిల్లు దగ్గరే జవాబు దొరుకుతుంది.

కాంట్రాక్టు ధర నిజామాబాద్ రకం కొమ్ములది, మిల్లు కొనేది దుగ్గిరాల పసుపు. ఊరు వేరు, నాణ్యత వేరు. దుగ్గిరాల ధరలోంచి ఫ్యూచర్స్ ధర తీసేస్తే వచ్చే తేడాను బేసిస్ అంటారు. మార్చిలో అది మైనస్ 1,000. ఆగస్టులో కూడా అంతే ఉంటుందని యజమాని నమ్మకం. అలా ఉంటే ఫ్యూచర్స్ ఎటు పోయినా అతనికి పసుపు 13,000కే పడుతుంది.

ఆగస్టులో ఫ్యూచర్స్ 16,000కు వెళ్లిందనుకుందాం. వానల వల్ల దుగ్గిరాలకు సరుకు రావడం తగ్గి అక్కడ ధర 15,400 అయింది. ఫ్యూచర్స్‌లో క్వింటాలుకు 2,000 లాభం తీసేస్తే నికర కొనుగోలు ధర 13,400. బేసిస్ మైనస్ 600కు మారింది, ఆ మారిన 400 రూపాయలే క్వింటాలుకు అదనపు భారం. మొత్తం మీద 4 లక్షలు. హెడ్జ్ విఫలమైందని కాదు, ధర ఎంతవుతుందోనన్న భయాన్ని తీసేసి బేసిస్ ఎంత మారుతుందోనన్న చిన్న భయాన్ని చేతిలో పెట్టింది. కొనుగోలుదారు నిజంగా ఖాయం చేసుకునేది లాట్లు కొన్న రోజు ఫ్యూచర్స్ ధర ఒక్కటే. దానికి ఆగస్టు నాటి బేసిస్ వచ్చి కలుస్తుంది.

రెండు ధరలూ సరిసమానంగా కదలనప్పుడు 100 టన్నులకు 100 టన్నుల ఫ్యూచర్స్ ఎందుకు కొనాలి? ఊగిసలాట అన్నింటికంటే తక్కువ మిగిలే పాళ్లు వేరే ఉంటాయి. దీన్నే కనిష్ఠ విచలన హెడ్జ్ నిష్పత్తి అంటారు. గత రెండు మూడేళ్ల వారం వారం ధరలు తీసుకుని, వాటి మార్పులు రాసుకోవాలి. దుగ్గిరాల మార్పుల ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, 400 అనుకుందాం. ఫ్యూచర్స్‌ది 500. రెండూ కలిసి కదిలే తీరును చెప్పే సహసంబంధం 0.9. అప్పుడు 400ను 500తో భాగించి 0.9తో గుణిస్తే 0.72 వస్తుంది. 1,000 క్వింటాళ్లకు 720, అంటే 14 లాట్లు, ఇరవై కాదు.

ఫలితం చూడండి. ఏ హెడ్జూ లేకపోతే వారానికి 400 రూపాయల ఊగిసలాట. ఇరవై లాట్లతో అది దాదాపు 224కు దిగుతుంది. పద్నాలుగుతో సుమారు 174. తక్కువ కొంటే రక్షణ ఎక్కువ! ఏప్రిల్‌లో కట్టాల్సిన 6 లక్షలు కూడా 4.20 లక్షలవుతాయి.

అయితే ఈ 0.72 శాసనం కాదు. రోజువారీ ధరలతో లెక్కవేస్తే నిష్పత్తి అవసరానికి మించి తగ్గిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే యార్డులో కొన్ని రోజులు వేలమే ఉండదు, ఉన్నా సరుకు రకం రోజుకోలా ఉంటుంది. ధరల మార్పులకు బదులు ధరలనే పోల్చడం ఇంకో పొరపాటు. రెండూ ఏడాది పొడవునా పైకే నడిస్తే, వారానికి వారం ఎలా కదిలినా, పటిష్ఠమైన సంబంధం ఉన్నట్టు కనబడుతుంది. ధర రెట్టింపైన ఏడాదుల్లో రూపాయల్లో కాకుండా శాతాల్లో మార్పులు చూసి, లాట్లను విలువ లెక్కన పంచుకోవడం మేలు. ప్రతి సీజను మొదట్లో నిష్పత్తిని మళ్లీ లెక్కగట్టి, పాతదానికి బాగా దూరంగా వస్తే కారణం వెతకాలి.

సరుకు ఒకేసారి కొనరు కాబట్టి లాట్లనూ ఒకేసారి అమ్మకూడదు. 100 టన్నులకు 14 లాట్లంటే, యార్డులో ఏడు టన్నులు కొన్న రోజే ఒక లాటు బయటికి పోవాలి. ఇదంతా గడువు దగ్గరపడక ముందే ముగియాలి. చివరి రోజుల్లో లాట్లు చేతిలోనే ఉంటే మిల్లు దుగ్గిరాల పసుపు బదులు నిజామాబాద్ గోదాములోని కొమ్ములు డెలివరీ తీసుకోవాల్సి రావచ్చు.