రెండో ప్రొఫైల్ తీసేసే ముందు

పాస్‌వర్డ్ మరిచిపోయి కొత్త ఫేస్‌బుక్ ఖాతా తెరిచిన ఒక టీచరమ్మకు కొన్నాళ్లకు పాతదీ దొరికిందనుకుందాం. ఇప్పుడు రెండోది తీసేయాలి. కానీ మనవడి అన్నప్రాసన ఫొటోలు, నలభై మంది పాత విద్యార్థులు అందులోనే ఉన్నారు. రెండు ఖాతాలను ఒకటిగా కలిపే వీలు ఫేస్‌బుక్‌లో లేదు.

ముందు ఫొటోలు. రెండో ఖాతా Accounts Centerలో సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే అవకాశం ఉంది. అక్కడ తేదీల దగ్గర All time, ఫార్మాట్ HTML, నాణ్యత High ఎంచుకోవాలి. పొరపాటు ఎక్కువగా తేదీల దగ్గరే జరుగుతుంది. తక్కువ కాలం ఎంచుకుంటే పాత ఆల్బమ్‌లు రావు. జిప్ ఫైలు వచ్చాక విప్పి, అన్నిటికంటే పాత ఫొటో తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఇతరులు పెట్టి ఆమెను ట్యాగ్ చేసిన ఫొటోలను మాత్రం విడిగా దాచుకోవాలి.

స్నేహితుల సంగతి వేరు. డౌన్‌లోడ్‌లో వచ్చేది పేర్ల జాబితా. ఒకే పేరుతో వందల మంది ఉండే చోట వట్టి పేరుతో మనిషిని పట్టుకోవడం కష్టం. అందుకే రెండో ఖాతా బతికుండగానే, మొదటి ఖాతాలోంచి దాని స్నేహితుల జాబితా తెరవాలి. Add friend అని కనిపించేవాళ్లే మిగిలినవాళ్లు. రోజుకు కొద్దిమందికే రిక్వెస్టు పంపాలి, ఒక్కసారిగా పంపితే ఫేస్‌బుక్ తాత్కాలికంగా ఆపేయవచ్చు. అవతలివాళ్లు నకిలీ ఖాతా అనుకోకుండా, రెండో ఖాతా నుంచి ‘ఇకపై అక్కడే ఉంటాను’ అని ఒక మెసేజ్ పెట్టడం మంచిది.

ఆమె ఏదైనా పేజీకి ఏకైక అడ్మిన్ అయితే మొదటి ఖాతానూ అడ్మిన్‌గా చేర్చాలి. ఆ తర్వాతే తొలగింపు. మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువుంటుంది.