23 ఎలా వచ్చింది?

కొన్ని వస్తువులున్నాయి. మూడేసి చొప్పున లెక్కపెడితే 2 మిగులుతాయి, ఐదేసి చొప్పున 3, ఏడేసి చొప్పున మళ్లీ 2. మొత్తం ఎన్ని? చైనాలో సున్ జి పేరుతో ఉన్న ప్రాచీన గణిత గ్రంథంలోని లెక్క ఇది. చైనీస్ శేష సిద్ధాంతానికి మూలం ఇదే.

పెద్ద భాజకంతో మొదలుపెడదాం. ఏడుతో 2 మిగిలితే సంఖ్య 7k + 2 రూపంలో ఉంటుంది. ఐదుతో 3 మిగలాలంటే 7k ≡ 1 (mod 5) కావాలి. 7లోంచి 5 తీసేస్తే 2k ≡ 1 (mod 5). విద్యార్థులు తడబడేది ఇక్కడే: k = 1/2 అని రాసేస్తారు. ఇక్కడ భాగించకూడదు, 2ను 1గా మార్చే గుణకాన్ని వెతకాలి. 2 × 3 = 6, ఐదుతో భాగిస్తే శేషం 1. రెండు వైపులా 3తో గుణిస్తే k ≡ 3. సంఖ్య 23. మూడుతో భాగించి చూడండి, 2 మిగులుతుంది. ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. లేకపోతే 35 చొప్పున కలుపుతూ పోవాలి.

3 × 5 × 7 = 105 కాబట్టి తర్వాతి జవాబు 128. భాజకాలకు ఉమ్మడి కారణాంకం ఉంటే మాత్రం ఈ హామీ ఉండదు. 4తో 1, 6తో 2 మిగిలే సంఖ్యే లేదు. మొదటిది బేసి కావాలంటుంది, రెండోది సరి కావాలంటుంది.