ఎకరం దున్నడానికి ఎంతసేపు?

రోటావేటర్ వేయించడానికి ట్రాక్టర్ పిలిచినప్పుడు రైతు మొదట అడిగే మాట ‘గంటకు ఎంత?’ అని. ఆ తర్వాత అడగాల్సిన మాట ఒకటుంది: ‘నా ఎకరానికి ఎంతసేపు పడుతుంది?’ దానికి ‘గంట, గంటంపావు’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఆ పావుగంట ఎక్కడ నుంచి పుడుతుందో తెలిస్తే, అందులో చాలా భాగం మన చేతుల్లోనే ఉందని కూడా తెలుస్తుంది.

ముందు మలుపుల సంగతి పక్కన పెట్టి చూద్దాం. ట్రాక్టర్ ఆగకుండా, ఎక్కడా తిరగకుండా తిన్నగా పోతూనే ఉంటే గంటలో ఎంత నేల దున్నుతుంది? రోటావేటర్ ఎంత వెడల్పు నేలను తిరగేస్తుందో మీటర్లలో తీసుకోండి. ట్రాక్టర్ వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకోండి. రెండింటినీ గుణించి నాలుగుతో భాగిస్తే గంటకు ఎన్ని ఎకరాలో వచ్చేస్తుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఈ నాలుగు అనే అంకె కుదిరింది. తేడా నూటికి ఒకటికి కాస్త పైనే, చేలో లెక్కకు అది చాలు.

అయిదడుగుల రోటావేటర్ వెడల్పు ఒకటిన్నర మీటరు. కానీ ఏ డ్రైవరూ సాలు పక్కన సాలును గీత గీసినట్టు నడపలేడు. మధ్యలో దున్నని నేల మిగలకుండా ఉండాలంటే ముందటి సాలు మీదికి జానెడో బెత్తెడో ఎక్కించి నడపాలి. అందుకని నిజంగా పనికొచ్చే వెడల్పు 1.4 మీటర్లు అనుకుందాం. అనుకోవడం కంటే కొలవడం మేలు. పది సాళ్లు దున్నాక ఆ పట్టీ మొత్తం వెడల్పును టేపుతో కొలిచి పదితో భాగిస్తే అసలు వెడల్పు తెలుస్తుంది. అది 1.2 మీటర్లకు పడిపోయిందంటే, ప్రతి ఏడు సాళ్లలో ఒకటి దున్నిన నేలనే మళ్లీ దున్నుతున్నట్టు లెక్క.

వేగం కూడా కొలవాల్సిందే. ట్రాక్టర్ మీద కనిపించే వేగాన్ని నమ్మడానికి లేదు. దుక్కి లోతులో చక్రాలు కొంత జారుతాయి, టైరు తిరిగినంత దూరం ట్రాక్టర్ ముందుకు పోదు. చేలో 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, దున్నుతూ ఆ దూరం దాటడానికి పట్టే సెకన్లు చూడండి. 24 సెకన్లు పడితే వేగం గంటకు 3 కిలోమీటర్లు. ఈ కొలత పని జరుగుతున్న లోతులో, పని జరుగుతున్న గేరులో తీసుకోవాలి. బాట మీద తీస్తే లాభం లేదు.

ఇప్పుడు 1.4ను 3తో గుణించి నాలుగుతో భాగిస్తే 1.05. అంటే ఎకరానికి 57, 58 నిమిషాలు. డ్రైవర్ చెప్పిన ‘గంట’ ఇదే. ఇక పావుగంట సంగతి.

వంద మీటర్ల పొడవు, నలభైన్నర మీటర్ల వెడల్పు ఉన్న ఎకరం చేను తీసుకుందాం. తెలంగాణలో నలభై గుంటలు, ఆంధ్రలో వంద సెంట్లు, ఏ పేరుతో పిలిచినా నేల అంతే. పొడవు వెంట దున్నితే 29 సాళ్లు పడతాయి. ఒక్కో సాలు వంద మీటర్లు, దానికి రెండు నిమిషాలు. మొత్తం 58 నిమిషాలు. సాలు చివర రోటావేటర్ ఎత్తి, ట్రాక్టర్ తిప్పి, వెనక్కి తీసి సరిచేసుకుని, మళ్లీ దించడానికి 20 సెకన్లు పడతాయనుకుందాం. 29 సాళ్లకు 28 మలుపులు. అంటే తొమ్మిది నిమిషాల పైచిలుకు. చేను పూర్తయ్యేసరికి 67 నిమిషాలు.

అదే చేనును అదే ట్రాక్టర్‌తో, అదే వేగంతో వెడల్పు వెంట దున్నితే? సాలు పొడవు నలభైన్నర మీటర్లే, కానీ సాళ్లు 72 అవుతాయి. నేల మీద నడిచే సమయం మారదు, అదే 58 నిమిషాలు. మలుపులు మాత్రం 71. వాటికే దాదాపు 24 నిమిషాలు పోతాయి. మొత్తం 82 నిమిషాలు. గంటకు 1,200 రూపాయల బాడుగ అనుకుంటే మొదటి పద్ధతిలో 1,340, రెండో పద్ధతిలో 1,640. ఎకరానికి మూడువందల తేడా. డీజిల్ కూడా ఆ మేరకు ఎక్కువే తాగుతుంది. నేల మాత్రం ఒక్క అంగుళం కూడా అదనంగా తిరగబడలేదు.

ఇక్కడ అసలు సూత్రం చాలా చిన్నది. మలుపు సమయం సాలు పొడవును బట్టి మారదు. పొడవు సాలైనా, పొట్టి సాలైనా చివర 20 సెకన్లు చెల్లించాల్సిందే. వంద మీటర్ల సాలుకు నూటికి 14 వంతుల సమయం మలుపుకు పోతే, నలభై మీటర్ల సాలుకు 29 వంతులు పోతుంది. మూడు మూలల చేలో కొసకు చేరేసరికి సాలు పదిహేను మీటర్లకు తగ్గుతుంది. అక్కడ దున్నడానికి 18 సెకన్లు, తిరగడానికి 20 సెకన్లు. అలాంటి చేలో అన్నిటికంటే పొడవైన గట్టుకు సమాంతరంగా సాళ్లు వేయించడమే తక్కువ నష్టం.

వేగం పెంచితే సరిపోదా అనిపిస్తుంది. గంటకు నాలుగు కిలోమీటర్లకు పెంచితే సాలుకు రెండు నిమిషాల బదులు నిమిషంన్నర పడుతుంది. మలుపు మాత్రం 20 సెకన్లుగానే మిగులుతుంది. 67 నిమిషాలు 53 అవుతాయి. పావు వంతు తగ్గుతుందనుకుంటే అంతకంటే కాస్త తక్కువే తగ్గుతుంది. దానికి రోటావేటర్ చెల్లించే ధర వేరే ఉంది. పళ్లు తిరిగే వేగం మారకుండా ట్రాక్టర్ వేగం పెరిగితే ఒక్కో పన్ను కోసే మట్టి మందం పెరుగుతుంది, పెళ్లలు పెద్దవిగా మిగులుతాయి. వెనక నేల పెళ్లలుగా కనిపిస్తే వేగం హద్దు దాటిందని అర్థం. ఆ పెళ్లలు విరగడానికి రెండోసారి తిప్పించాల్సి వస్తే మిగిలిన 14 నిమిషాలు ఎటూ కాకుండా పోతాయి.

వేగం కంటే మలుపు దగ్గరే మిగుల్చుకునే వీలుంది. రోటావేటర్ తగిలించిన ట్రాక్టర్ పక్క సాలులోకి ఒక్క తిప్పుతో రాలేదు, వెనక్కి తీసుకోక తప్పదు. అందుకే అనుభవమున్న డ్రైవర్లు పక్క సాలులోకి రాకుండా మూడు నాలుగు సాళ్లు వదిలి తిరుగుతారు. వదిలిన వాటిని వచ్చేటప్పుడు పూర్తి చేస్తారు. వెనక్కి తీసే పని లేకుండా సాఫీగా తిరిగితే 20 సెకన్లు 12కు దిగుతాయి. పొడవు సాళ్లలో దాంతో నాలుగు నిమిషాల లోపే కలిసొస్తుంది, పొట్టి సాళ్లలో తొమ్మిదిన్నర నిమిషాలు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. లెక్క తప్పితే మధ్యలో బారెడు నేల మిగిలిపోతుంది, దాని కోసం మళ్లీ రావాలి. చేనును పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీ మొదట్లో కర్ర పాతుకోవడం అందుకే. కొసల్లో తిరగడానికి వదిలిన జాగాను చివర అడ్డంగా దున్నుతారు. దానికి రెండు మూడు అదనపు మలుపులు పడతాయి. పై లెక్కలో వాటిని కలపలేదు.

పొడవు వెంట దున్నడం ఎప్పుడూ ఒప్పే కాదు. చేను పొడవు వాలు దిశలో ఉంటే, ఆ సాళ్లే వాన నీటికి కాలువలవుతాయి, మట్టి కొట్టుకుపోతుంది. అక్కడ మలుపులు ఎక్కువైనా సరే, వాలుకు అడ్డంగానే దున్నాలి. ఆ 15 నిమిషాలు నేల కోసం ఇచ్చినట్టే. కల్టివేటర్‌తో ఇరువాలు దున్నించేటప్పుడు ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం తప్పదు. అప్పుడు బేరం రెండు సార్లకూ ఒకటే రేటు అనుకోకూడదు, అడ్డం సాళ్లకు ఎక్కువ సేపు పడుతుంది. బాడుగ లెక్కను చేతి గడియారంతో చూడాలా, ట్రాక్టర్ మీటర్‌తో చూడాలా అన్నది కూడా ముందే తేల్చుకోవడం మంచిది. చాలా పాత ట్రాక్టర్లలో ఆ మీటర్ ఇంజన్ తిరుగుళ్లను బట్టి కదులుతుంది కాబట్టి గడియారంతో అచ్చంగా సరిపోదు.

మందు కొట్టడానికి వచ్చేసరికి ఇదే లెక్క తలకిందులవుతుంది. వీపున పంపు తగిలించుకుని నడిచే మనిషికి తిరగడం పెద్ద పని కాదు, అయిదు సెకన్లు చాలు. సమయాన్ని తినేది మలుపు కాదు, నీళ్లు నింపుకోవడం. పైగా ఇక్కడ వేగాన్ని మన ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవడానికి లేదు. నాజిల్ నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో, ఎకరానికి ఎన్ని లీటర్లు కొట్టాలో, ఆ రెండే నడకను నిర్ణయిస్తాయి.

అదే వంద మీటర్ల చేలో పత్తి ఉందనుకుందాం. వరుసల మధ్య 90 సెంటీమీటర్ల ఎడం, ఒక్కో వరుసకు ఒకసారి నడక. మొత్తం 45 వరుసలు, నాలుగున్నర కిలోమీటర్లు. ఎకరానికి 200 లీటర్ల మందు నీళ్లు పడాలి. బ్యాటరీ పంపు నాజిల్‌ను కొలజగ్గులో పెట్టి నిమిషం సేపు వదిలితే లీటరున్నర వచ్చింది. 200ను ఒకటిన్నరతో భాగిస్తే 133 నిమిషాలు. నాజిల్ అంతసేపు తెరిచి ఉండాలి. నాలుగున్నర కిలోమీటర్లు 133 నిమిషాల్లో అంటే గంటకు రెండు కిలోమీటర్ల నడక. మొక్కల మధ్య పంపు మోస్తూ నడిచే మనిషికి అది సహజమైన వేగమే.

16 లీటర్ల ట్యాంకును 13 సార్లు నింపాలి. చేను బయటికి వెళ్లి, నీళ్లు తోడి, మందు కలిపి, మళ్లీ వరుసలోకి రావడానికి ఆరు నిమిషాలు పడితే 78 నిమిషాలు అక్కడే పోతాయి. మలుపులకు నాలుగు నిమిషాలు. మొత్తం మూడు గంటల 35 నిమిషాలు. పొద్దునే నీళ్ల డ్రమ్ములు చేను రెండు కొసలకూ చేర్చిపెట్టి నింపే సమయాన్ని మూడు నిమిషాలకు తగ్గిస్తే 39 నిమిషాలు మిగులుతాయి. ఎండ ముదరకముందే, గాలి లేవకముందే పని ముగియడానికి ఆ 39 నిమిషాలు చాలా విలువైనవి.

నడక పెంచి సమయం మిగుల్చుకోబోతే మాత్రం పంటకు నష్టం. గంటకు రెండు కిలోమీటర్ల బదులు 2.7 కిలోమీటర్లు నడిస్తే 133 నిమిషాలు వందకు తగ్గుతాయి, కానీ ఆ వంద నిమిషాల్లో నాజిల్ నుంచి వచ్చేది 150 లీటర్లే. ట్యాంకుకు ఇంత మందు అని కలిపాం కాబట్టి ఎకరానికి చేరిన మందు ముప్పాతిక వంతే. పురుగు చావకపోతే మందు కల్తీ అనుకుంటారు, తప్పు నడకది. వరుస చివర తిరిగేటప్పుడు మీట ఆపకపోతే, కొసల్లోని మొక్కల మీద రెండింతలు పడి అక్కడ ఆకులు మాడే ప్రమాదం కూడా ఉంది.

నడక సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చేను పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, మొదటి ట్యాంకే చెబుతుంది. ఈ లెక్కన 16 లీటర్లు 360 మీటర్లకు రావాలి. అంటే నాలుగో వరుస సగం దాటిన కాసేపటికి ట్యాంకు ఖాళీ కావాలి. అయిదో వరుసలోకి వెళ్లాక ఖాళీ అయితే అడుగు నెమ్మది చేయాలి. మూడో వరుసలోనే అయిపోతే నడక మందగించింది, లేదా నాజిల్ రంధ్రం అరిగి పెద్దదైంది. ఏది అనేది కొలజగ్గుతో మరో నిమిషం పట్టి చూస్తే తేలిపోతుంది.