పాయింట్లు సమానమైతే సెమీస్‌కు ఎవరు?

2019 వన్డే ప్రపంచకప్ లీగ్ దశ ముగిసేసరికి న్యూజిలాండ్, పాకిస్థాన్ చెరో 11 పాయింట్లతో నిలిచాయి. గెలుపులూ చెరో అయిదే. అయినా సెమీస్‌కు వెళ్లింది న్యూజిలాండ్. దాని నెట్ రన్‌రేట్ +0.175, పాకిస్థాన్‌ది -0.430.

నెట్ రన్‌రేట్ అంటే? ఒక జట్టు ఓవర్‌కు సగటున చేసిన పరుగుల్లోంచి, ఓవర్‌కు సగటున ప్రత్యర్థులకు ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది.

మ్యాచ్‌కో రేటు కట్టి, వాటి సగటు తీస్తారా? కాదు. బండి మైలేజీ చూడాలంటే నెలలో తిరిగిన మొత్తం కిలోమీటర్లను పోయించిన మొత్తం లీటర్లతో భాగిస్తాం కదా. ఇక్కడా అంతే: టోర్నీలోని మొత్తం పరుగులను మొత్తం ఓవర్లతో భాగిస్తారు. ఫలితం తేలని మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకోరు.

పాకిస్థాన్‌ను దెబ్బతీసింది నాటింగ్‌హామ్‌లో ఆడిన మొదటి మ్యాచ్. వెస్టిండీస్‌పై 21.4 ఓవర్లలో 105కే ఆలౌటైంది. 105ను 21.4తో భాగించాలనిపిస్తుంది. కానీ ఆలౌటైతే ఆ జట్టుకు దక్కాల్సిన 50 ఓవర్లూ ఆడినట్టే లెక్క. నెల మధ్యలో ఇల్లు ఖాళీ చేసినా నెలంతటికీ అద్దె కట్టినట్టు. దాంతో రేటు 105ను 50తో భాగిస్తే వచ్చే 2.10కి పడిపోయింది.

వెస్టిండీస్ 13.4 ఓవర్లలో 108 కొట్టి గెలిచింది. ఇక్కడ 13.4 అంటే 13 ఓవర్ల 4 బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి లెక్కలో అది 13.67. గడియారంలో 1.30 అయినా లెక్కలో ఒకటిన్నర గంట అయినట్టే. 108ని 13.67తో భాగిస్తే 7.90. అంటే ఆ ఒక్క మ్యాచ్‌లో పాకిస్థాన్ నెట్ రన్‌రేట్ -5.80.

అదే 108 కొట్టడానికి వెస్టిండీస్‌కు 40 ఓవర్లు పట్టి ఉంటే? దాని రేటు 2.70, పాకిస్థాన్ లోటు 0.60 మాత్రమే. ఓటమి అదే, పోయే పాయింట్లూ అవే. ఓడేది ఖాయమని తేలాక కూడా బౌలర్లు ప్రతి పరుగునూ ఆలస్యం చేయాలనేది ఇందుకే.

లీగ్ దశలో పాకిస్థాన్ న్యూజిలాండ్‌ను ఓడించింది కదా, దానికి విలువ లేదా? ఆ టోర్నీ నిబంధనల ప్రకారం పాయింట్లు, గెలుపులు సమానమైతే ముందు చూసేది నెట్ రన్‌రేటే. ముఖాముఖి ఫలితం దాని తర్వాతే.

చివరి మ్యాచ్‌లో లార్డ్స్‌లో పాకిస్థాన్ 315 చేసింది. న్యూజిలాండ్‌ను దాటాలంటే బంగ్లాదేశ్‌ను 7 పరుగులలోపే ఆలౌట్ చేయాలి. బంగ్లాదేశ్ స్కోరు 8కి చేరగానే ఆ దారి మూసుకుపోయింది. పాకిస్థాన్ ఆ మ్యాచ్‌ను 94 పరుగులతో గెలిచింది. మొదటి రోజు పడిన లోటు మాత్రం పూడలేదు.