మొదటి వారం దిగింది కొవ్వు కాదు

హైదరాబాద్‌లోని ఒక జిమ్‌లో కొత్త సంవత్సరం కేకు కోసి, అందరూ ముక్కలు తింటుండగా ట్రైనర్ మాట్లాడటానికి లేచాడు. డైట్ చార్టులు పంచుతాడనుకుంటే, బోర్డు మీద లెక్క వేయడం మొదలుపెట్టాడు.

లెక్క 84 కిలోల ఒక సభ్యుడిది. చెల్లెలి పెళ్లికి ముందు వారం రోజులు జ్యూసులు, కీరా ముక్కలతో గడిపి నాలుగు కిలోలు తగ్గాడు. అతని శరీరానికి రోజుకు సుమారు 2,200 కేలరీలు కావాలి. తీసుకున్నది 800. అంటే రోజుకు 1,400 చొప్పున వారానికి 9,800 కేలరీల లోటు. కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. లోటంతా కొవ్వుతోనే పూడిందనుకున్నా, కరిగింది దాదాపు కిలోంపావే.

మరి మిగతాది? చాలావరకు నీళ్లే. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో అర కిలో దాకా నిల్వ ఉంటుంది. అందులో ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోయి నీరూ పోతుంది. మళ్లీ తినగానే రెండు మూడు రోజుల్లో తిరిగొస్తుంది. “ఒకటో తారీఖున మొదలుపెట్టిన డైట్‌ను సంక్రాంతి అరిసెలు చెడగొట్టాయంటారు. అరిసెలనెందుకు తిడతారు? తిరిగొచ్చిన దాంట్లో ఎక్కువ భాగం ఆ నీళ్లే” అన్నాడు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. మాంసకృత్తులు చాలక, బరువులెత్తే వ్యాయామమూ లేకపోతే శరీరం కండను కూడా కరిగించుకుంటుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టాడు. వాళ్లకు తిండి ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోయింది. ఆంక్షలు ఎత్తేశాక కడుపు నిండినా ఆకలి తీరలేదు. కండ కంటే కొవ్వు ముందు తిరిగొచ్చింది.

అందుకే ట్రైనర్ చెప్పిన దారిలో లోటు రోజుకు 400 కేలరీలే. రాత్రి ఒక కప్పు అన్నం తగ్గిస్తే సుమారు 200, కూరలో తన వంతుకు ఒక పెద్ద చెంచా నూనె తగ్గితే 120, రెండు టీలలో చక్కెర మానేస్తే 80. నెలకు కిలోన్నర దాకా కరుగుతుంది. ప్రతి పూటా గుడ్లో, చికెనో, పప్పు, పెరుగో ఉండాలి. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తాలి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తిండి తగ్గించకూడదు.

“రోజూ పొద్దున బరువు చూసుకోండి, కానీ వారం సగటునే నమ్మండి” అన్నాడు చివరగా. “మొదటి రెండు వారాల తర్వాత కూడా వారానికి కిలోకు మించి దిగుతూ, నిన్నటిదాకా ఎత్తిన డంబెల్ ఇప్పుడు ఎత్తలేకపోతుంటే కండ పోతుందేమోనని అనుమానించండి. ఆ తగ్గించిన కప్పు అన్నం మళ్లీ పెట్టుకోండి.”