ఊదా, ఎరుపు, నీలం: ఏ పెట్టెలో ఏ డిస్క్?

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే వ్యాపార స్థలాల యజమానులు సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, రికార్డింగు 30 రోజులు దాచి ఉంచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని అది చెబుతుంది. అప్పటి నుంచి ఫంక్షన్ హాళ్లలో, షాపింగ్ కాంప్లెక్సుల్లో కెమెరాలు వచ్చాయి, వాటి వెనక డీవీఆర్ పెట్టెలూ వచ్చాయి. కెమెరా ఏ కంపెనీది, రాత్రిపూట కనిపిస్తుందా, ముఖం తెలుస్తుందా అని యజమాని పదిసార్లు అడుగుతాడు. పెట్టె లోపలి హార్డ్ డిస్క్ గురించి మాత్రం ఎన్ని టీబీలు అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాడు. కొటేషన్‌లో ధర తగ్గించాలంటే బిగించేవాళ్లు ముందుగా చెయ్యిపెట్టేదీ అక్కడే. సర్వేలెన్స్ డిస్క్ తీసేసి అదే సైజు డెస్క్‌టాప్ డిస్క్ వేస్తారు. కెపాసిటీ ఒకటే, కనెక్టరూ ఒకటే. పెట్టె తేడా లేకుండా పనిచేస్తుంది, కొన్నాళ్లపాటు.

ఎనిమిది కెమెరాల ఫంక్షన్ హాలు ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుతోందనుకుంటే ఎనిమిదీ కలిపి 32 మెగాబిట్లు, అంటే 4 మెగాబైట్లు. పెళ్లి ఉన్నా లేకపోయినా రోజంతా రికార్డు చేసే సెట్టింగయితే రోజుకు దాదాపు 346 జీబీ డిస్క్ మీద పడుతుంది. 30 రోజులు దాచాలంటే 10.4 టీబీ కావాలి కాబట్టి 12 టీబీ డిస్క్ కొనాలి. ఇంతవరకు అందరూ వేసే లెక్కే.

రెండో లెక్క ఎవరూ వెయ్యరు. రోజుకు 346 జీబీ అంటే ఏడాదికి 126 టీబీ. డిస్క్ నిండగానే డీవీఆర్ పాతది చెరిపి కొత్తది రాస్తుంది కాబట్టి ఈ 126 టీబీ మొత్తం ఆ ఒక్క డిస్క్ మీదే పడుతుంది. పెద్ద డిస్క్ కొన్నా ఈ అంకె తగ్గదు. ఇప్పుడు తయారీదారుల డేటాషీట్ తెరవండి. సీగేట్ బారకుడా, డబ్ల్యూడీ బ్లూ లాంటి డెస్క్‌టాప్ డిస్కులకు ఏడాదికి 55 టీబీ అని ఉంటుంది. స్కైహాక్, డబ్ల్యూడీ పర్పుల్ అనే సర్వేలెన్స్ డిస్కులకు 180 టీబీ. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్ అనే నాస్ డిస్కులకూ 180 టీబీయే. దీన్నే వర్క్‌లోడ్ రేటింగ్ అంటారు. మన హాలు డెస్క్‌టాప్ డిస్క్ మీద రెండింతలకు పైగా బరువు వేస్తోంది, సర్వేలెన్స్ డిస్క్‌కైతే హద్దులోనే ఉంది. కెమెరాలు పదహారైతే ఏడాదికి 252 టీబీ. అప్పుడు మామూలు ఊదారంగు డిస్క్ ఒక్కటీ చాలదు. పనిని రెండు డిస్కులకు పంచాలి, లేదా 550 టీబీ రేటింగున్న పర్పుల్ ప్రో, స్కైహాక్ ఏఐ తరగతికి వెళ్లాలి.

రేటింగు దాటిన రోజునే డిస్క్ ఆగిపోదు. తయారీదారు చెప్పే సగటు వైఫల్యపు రేటు ఆ హద్దు లోపల వాడకానికే వర్తిస్తుంది. దాటితే ఆ అంకె మీద ఆధారపడలేం, అంతే. ఇందులో భౌతిక కారణం కూడా ఉంది. రాసేటప్పుడు, చదివేటప్పుడు తల దగ్గరున్న చిన్న హీటరు దాని కొనను వేడిచేసి పళ్లేనికి మరీ దగ్గరగా దించుతుంది. ఊరికే తిరుగుతున్నప్పుడు తల కాస్త ఎత్తులో ఉంటుంది. తల దిగి పనిచేసిన సమయం పెరిగేకొద్దీ అరుగుదల అవకాశం పెరుగుతుంది. అందుకే రేటింగులో రాతలతో పాటు చదువులూ కలుస్తాయి.

చదువులు కూడా లెక్కలోకి వస్తాయన్న సంగతి నాస్ వాడేవాళ్లను దెబ్బతీస్తుంది. ఇంట్లో ఫోటోలు, సినిమాలు దాచుకునే నాలుగు డిస్కుల నాస్ చూడ్డానికి ఏ పనీ చెయ్యనట్టే ఉంటుంది. కానీ చాలామంది నెలకోసారి స్క్రబ్బింగ్ షెడ్యూలు పెడతారు. డేటా చెడిపోయిందేమోనని ప్రతి డిస్క్‌నూ మొదటి నుంచి చివరిదాకా చదివి సరిచూడటమన్నమాట. నిండిన 8 టీబీ డిస్క్‌ను పన్నెండుసార్లు చదివితే 96 టీబీ. ఒక్క ఫోటో కొత్తగా వెయ్యకుండానే డెస్క్‌టాప్ డిస్క్ హద్దు దాటిపోయింది. స్క్రబ్బింగ్ మానెయ్యమని నేను చెప్పను. పెద్ద డిస్కులున్నవాళ్లు రెండు మూడు నెలలకోసారికి మార్చుకుంటే చాలు.

డెస్క్‌టాప్ డిస్క్‌కు ఇంకో హద్దుంది. బారకుడా డేటాషీట్‌లో ఏడాదికి 2,400 గంటలు నడిచే లెక్క ఉంటుంది, రోజుకు ఆరున్నర గంటలు. ఆఫీసు కంప్యూటరుకు అది సరిపోతుంది. రాత్రింబవళ్లు నడిచే డీవీఆర్‌లో ఆ ఏడాది గంటలు సరిగ్గా వంద రోజుల్లో అయిపోతాయి. నాలుగు కెమెరాల చిన్న దుకాణంలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే ఏడాదికి 32 టీబీ కూడా దాటదు. వర్క్‌లోడ్ ప్రకారం డెస్క్‌టాప్ డిస్క్ పాసవుతుంది, గంటల లెక్కలో ఫెయిలవుతుంది.

అదిరిపాటు విషయం లెక్కలకు అంత సులభంగా లొంగదు. నేటి డిస్కులో సన్నని దారుల్లాంటి ట్రాకులు అంగుళానికి నాలుగైదు లక్షలుంటాయి. తల వాటిలో ఒకదాని మీద నిలిచి రాయాలి. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డేటా సెంటరులో డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ అరుపుకు వాటి స్పందన సమయం ఎలా ఎగబాకిందో తెర మీద గ్రాఫులో చూపించాడు. ఆ వీడియో ఇప్పటికీ చూడొచ్చు. మనిషి గొంతుకే అంత చలించే డిస్క్, పక్కనే ఒకే చట్రానికి బిగించిన మరో మూడు డిస్కుల మోటార్లు, అటూ ఇటూ ఊగే తలల తోపులు భరించాలి. చట్రాన్ని కొద్దిగా మెలితిప్పే ఈ కదలికనే రొటేషనల్ వైబ్రేషన్ అంటారు.

అదిరినప్పుడు తల దారి తప్పితే డిస్క్ రాత ఆపేసి, ఆ చోటు మళ్లీ తల కిందకి వచ్చేదాకా ఆగుతుంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. ఒకసారి తప్పితే మనకు తెలియదు. వరసగా తప్పుతుంటే నాస్‌లో కాపీ వేగం సగానికి పడుతుంది, డీవీఆర్ బఫర్ నిండిపోయి వీడియోలో క్షణాల గండ్లు పడతాయి. డిస్క్ పాడైందనుకుని విప్పి విడిగా కంప్యూటరుకు తగిలిస్తే చక్కగా పూర్తి వేగంతో నడుస్తుంది. పెట్టెలో నెమ్మది, బయట వేగం అయితే మొదట అనుమానించాల్సింది అదిరిపాటునే.

నాస్ డిస్కుల్లో చాలావాటికి, ముఖ్యంగా పెద్ద కెపాసిటీల్లో, సర్క్యూట్ బోర్డు మీద వైబ్రేషన్ సెన్సర్లుంటాయి. అవి మెలికను పసిగట్టి తల చేతికి ఎదురు తోపు ఇస్తాయి. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్‌లను ఎనిమిది డిస్కుల పెట్టెల వరకు, వాటి ప్రో రకాలను ఇరవై నాలుగు వరకు వాడొచ్చని తయారీదారులు రాసిస్తారు. డెస్క్‌టాప్ డిస్క్‌కు అలాంటి హామీ ఉండదు, ఒంటరిగా ఉండటం కోసమే దాన్ని చేశారు. సర్వేలెన్స్ డిస్కుల్లో చిన్న సైజులకు ఈ సెన్సర్లు లేకపోవచ్చు, కాబట్టి కొనే మోడల్ నంబరు డేటాషీట్‌లోనే చూసుకోవాలి. ఒకే డిస్క్ పట్టే డీవీఆర్‌కు ఇదంతా పెద్ద సమస్య కాదని నా అభిప్రాయం. అక్కడ పెట్టెను సబ్‌వూఫర్ పక్కన పెట్టకుండా ఉండటం సెన్సర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఫంక్షన్ హాళ్లలో డీజే స్టోర్ రూమే డీవీఆర్ గదిగా మారడం నేను చూశాను.

ఊదా డిస్క్‌ను నాస్‌లో వేస్తే డేటా మింగేస్తుందన్న భయం ఒకటి ప్రచారంలో ఉంది. సర్వేలెన్స్ డిస్కులు తప్పొచ్చినా ఆగకుండా ముందుకుపోయే స్ట్రీమింగ్ ఆదేశాలను అర్థం చేసుకుంటాయి, నిజమే. ఆ ఆదేశాలు పంపాల్సింది రికార్డరు. నాస్ మామూలు ఆదేశాలే పంపుతుంది, కాబట్టి డిస్క్ మామూలుగానే ప్రవర్తిస్తుంది. డెస్క్‌టాప్ డిస్క్‌ను రెయిడ్‌లో వెయ్యడమే అంతకన్నా ప్రమాదం. చదవలేని చోటు తగిలితే అది నిమిషం దాకా పట్టువదలకుండా ప్రయత్నిస్తుంది, రెయిడ్ కంట్రోలరు అంతసేపు ఆగలేక డిస్క్ చచ్చిపోయిందని తీర్మానించి బయటకు తోసేస్తుంది. నాస్ డిస్కు సాధారణంగా ఏడు సెకన్లకే చేతులెత్తేసి, మిగతా డిస్కుల నుంచి ఆ భాగాన్ని తిరిగి కట్టుకోనిస్తుంది.

మీ డిస్క్ నిజంగా ఎంత మోస్తోందో తెలుసుకోవచ్చు. డీవీఆర్ నుంచి తీసి కంప్యూటరుకు తగిలించి, లినక్స్‌లో ఈ ఆదేశం ఇవ్వాలి. డీవీఆర్ డిస్క్‌ను విండోస్ ఫార్మాట్ చెయ్యమంటే మాత్రం ఒప్పుకోకండి.

```
sudo smartctl -A /dev/sdb
```

వచ్చే పట్టికలో `Power_On_Hours`, `Total_LBAs_Written`, `Total_LBAs_Read` చూడాలి. చివరి రెండూ కొన్ని మోడళ్లలో ఉండవు. చాలా డిస్కుల్లో ఒక ఎల్‌బీఏ అంటే 512 బైట్లు. గంటలు 4,800, రాసిన ఎల్‌బీఏలు 13,500 కోట్లు, చదివింది నామమాత్రం అనుకోండి. 13,500 కోట్లను 512తో హెచ్చిస్తే 69 టీబీ. దాన్ని 8,760తో హెచ్చించి 4,800తో భాగిస్తే ఏడాదికి 126 టీబీ. మన హాలు డిస్కే అది. అదే పట్టికలో `Reallocated_Sector_Ct`, `Current_Pending_Sector` ఎదురుగా సున్నా కాక పెరుగుతున్న అంకె కనిపిస్తే కొత్త డిస్క్ కొనే సమయమైంది.

ఇక వారంటీ. డెస్క్‌టాప్ డిస్కులకు సాధారణంగా రెండేళ్లు, ఊదా, నాస్ మామూలు రకాలకు మూడేళ్లు, ప్రో రకాలకు, స్కైహాక్ ఏఐకి అయిదేళ్లు. వారంటీ డిస్క్‌ను మారుస్తుంది, అందులోని వీడియోను తెచ్చివ్వదు. మార్చి ఇచ్చేది కూడా చాలాసార్లు బాగుచేసిన పాత డిస్కే. బిల్లు ఎంత ముఖ్యమో లేబుల్ మీది సీరియల్ నంబరూ అంతే ముఖ్యం. కంపెనీ వెబ్‌సైటులో దాన్ని కొడితే ఎప్పటివరకు వారంటీ ఉందో చూపిస్తుంది. కంప్యూటర్ కంపెనీలకు టోకున అమ్మిన డిస్కులైతే వారంటీ ఆ కంపెనీ దగ్గరే ఉందని వస్తుంది. అలాంటివి దుకాణంలో చవగ్గా దొరుకుతాయి. అప్పుడు మీకు మిగిలేది దుకాణదారు నోటిమాటే.

2025 జనవరిలో జర్మనీ పత్రిక హైజె ఒక మోసాన్ని బయటపెట్టింది. చియా అనే క్రిప్టో నాణెం తవ్వకంలో వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కుల గంటల లెక్క చెరిపేసి, కొత్తవని అమ్ముతున్నారు. మామూలు పట్టికలో గంటలు సున్నా కనిపించేవి. సీగేట్ డిస్కులు ఫార్మ్ అనే రెండో చిట్టా కూడా రాసుకుంటాయి, మోసగాళ్లు దాన్ని ముట్టుకోలేదు. కొత్త వెర్షన్ smartctl ఉంటే ఇలా చదవొచ్చు:

```
sudo smartctl -l farm /dev/sdb
```

కొన్న రోజే ఈ రెండు చిట్టాల్లో గంటలను పోల్చి చూసుకోవాలి. ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 20,000 కనిపిస్తే వాపసు గడువు దాటకముందే బిల్లుతో సహా దుకాణానికి తిరిగివ్వండి. డీవీఆర్‌లో బిగించాక ఈ పరీక్ష చెయ్యాలంటే మళ్లీ స్క్రూలు విప్పి డిస్క్ బయటకు తియ్యాల్సిందే.